మిణుగురుల కోలాటానికి గురువు లేడు

చెట్టు నిండా వాలిన మిణుగురు పురుగులన్నీ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరిపోతాయంటే నమ్మనివారే ఎక్కువ. వారిని తప్పుపట్టనక్కరలేదు. 1917లో అమెరికాలో ఒక పెద్దమనిషి ఇదంతా చూసేవాడి కనురెప్పల అదురుపాటేనని ఏకంగా సైన్సు పత్రికకు రాశాడు. థాయిలాండ్‌లో ఏటి ఒడ్డు మడ చెట్లపై మాత్రం ఈ వేడుక జరుగుతూనే ఉంది.

నమ్మినవారు మరో మాట చెబుతారు. కోలాటంలో గురువు ఈల వేసినట్టు, ఒక నాయక పురుగు వెలిగితే తక్కినవి వెలుగుతాయట! వినడానికి బాగుంది గాని లెక్కకు నిలవదు. దీపం చూసి చప్పట్లు కొట్టమంటే మనిషికే సెకనులో ఐదోవంతు పడుతుంది. పురుగుకూ చూడటానికి, వెలగడానికి కొంత వ్యవధి కావాలి. థాయిలాండ్ పురుగులు సుమారు అర సెకనుకొకసారి వెలుగుతాయి, వాటి మధ్య తేడా సెకనులో కొన్ని వందోవంతులే. నాయకుణ్ణి చూసి వెలిగితే ఇంత కచ్చితం రాదు.

జాన్ బక్ దంపతులు కొన్ని పురుగులను పట్టి బ్యాంకాక్‌లో హోటలు గదికి తెచ్చి చీకట్లో వదిలారు. మొదట దేని దారి దానిదే. కాసేపటికి గోడమీద దగ్గరగా చేరినవి రెండేసి, మూడేసి కలిసి వెలగసాగాయి. ఈ సంగతి 1968లో ప్రచురించారు. అంటే ప్రతి పురుగులోనూ సొంత గడియారం ఉంది. పక్కదాని వెలుగు చూసి అది తన తర్వాతి వెలుగును కాస్త సవరించుకుంటుంది.

నీటి ధార కింద పెట్టిన కుండలను ఊహించండి. నిండగానే కుండ పొర్లి ఖాళీ అవుతుంది, అదే వెలుగు. ఒకటి పొర్లినప్పుడు మిగతావాటిలోనూ కొంచెం నీరు పడుతుంది. నిండబోతున్న కుండ దానితోపాటే పొర్లి, ఇక జతగానే సాగుతుంది. ఇలా చివరకు అన్నీ కలుస్తాయని 1990లో మిరోల్లో, స్ట్రోగాట్జ్ గణితంతో రుజువు చేశారు. అయితే కుండలన్నీ ఒకేలాంటివై, ప్రతిదాని నీరూ మిగిలిన అన్నిటికీ అందాలన్నది వారి షరతు.

అమెరికాలోని స్మోకీ కొండల పురుగుకు ఈ కథ పూర్తిగా అతకదు. డేరాలో ఒంటరిగా ఉంచితే దాని మెరుపులకు వేళాపాళా లేదు. ఇరవై దాకా కలిస్తే మాత్రం సుమారు పన్నెండు సెకన్లకొకసారి వరస మెరుపులు! ఏది ముందు మొదలెడితే మిగతావి దాన్ని అందుకుంటాయి. గుంపు పెద్దదైతే ఏదో ఒకటి త్వరగానే మొదలెడుతుంది గనుక నిరీక్షణ తగ్గి, లయ కుదురుతుంది. అక్కడ నాయకుడున్నా క్షణానికొకడే.

రెండుచోట్లా పురుగుకు పురుగు కనబడటమే ఆధారం. ఏటి ఒడ్డున కరెంటు దీపాలు వేసి, కెమెరా ఫ్లాషులు కొట్టి ఈ వింత చూడాలనుకోవడం తెలివితక్కువ పని. మలేషియాలో సెలంగోర్ నదిపై కంపుంగ్ కువాంటాన్ పడవవాళ్లు ఇది గ్రహించారు. అక్కడ చీకట్లో తెడ్లతోనే పడవ నడుపుతారు, ఫ్లాషు కొట్టనివ్వరు.