ఇంగ్లీషు దిద్దబోయి అర్థం చెడగొట్టవద్దు

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవారు అల్లే లేసు విదేశాలకు వెళుతుంది. అక్కడి నుంచి రావలసిన డబ్బులో తేడా వస్తే ఇక్కడ కూలి ఆగుతుంది. అందుకే చిన్న వ్యాపారి కంగారుగా తనకు వచ్చిన ఇంగ్లీషులోనే ఈమెయిల్ రాస్తాడు. దానిని చదువుకున్న కుర్రవాడెవరో దిద్దిపెడతాడు. అసలు చిక్కు ఆ దిద్దుబాటులోనే ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2,400 డాలర్ల బిల్లుకు బ్యాంకులో 2,365 డాలర్లే జమ అయ్యాయి. వ్యాపారి ఇలా రాశాడు: "వుయ్ హావ్ డౌట్ ఇన్ యువర్ పేమెంట్. అమౌంట్ నాట్ కేమ్ ఫుల్."

మన వాడుకలో "చిన్న డౌటండీ" అంటే అడగవలసింది ఒకటుందని అర్థం. కాని విదేశీయుడికి ఆ మొదటి వాక్యం "మీ చెల్లింపు మీద మాకు నమ్మకం లేదు" అన్నట్టు వినిపిస్తుంది. దీనిని తప్పక మార్చాలి. "డౌట్" తీసి "క్వశ్చన్" అంటే సరిపోతుంది.

రెండో వాక్యంలో వ్యాకరణం లేదు గాని నిజం ఉంది. కుర్రవాడు దానిని "వుయ్ హావ్ నాట్ రిసీవ్డ్ యువర్ పేమెంట్" అని దిద్దాడనుకోండి. వ్యాకరణం కుదిరింది, మాట అబద్ధమైంది. డబ్బు పంపినవాడికి కోపం రాదా? అతడు తన బ్యాంకును అడిగితే "మొత్తం పంపాం" అంటుంది. 35 డాలర్ల సంగతి అక్కడే మరుగున పడుతుంది.

కనుక దిద్దేవారు ముందు వ్యాపారిని మూడు సంగతులు అడగాలి. బిల్లు ఎంత? జమ ఎంత? ఏ రోజున? ఆ తరువాతే వాక్యం మార్చాలి. "మీ 14వ నంబరు బిల్లు 2,400 డాలర్లు. జూలై 8న మాకు 2,365 డాలర్లు చేరాయి. 35 డాలర్లు తగ్గాయి. బ్యాంకు ఖర్చుల కింద పోయాయేమో చూసి, స్విఫ్ట్ కాపీ పంపగలరా?" ఈ మాటలను చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలలో పెడితే చాలు. తేదీలో నెల పేరు అక్షరాలలో రాయాలి. 8/7 అని రాస్తే అమెరికావారు ఆగస్టు 7 అనుకుంటారు.

స్విఫ్ట్ కాపీలో ఖర్చులు ఎవరివో ఉంటుంది. OUR అని ఉంటే పంపినవారే భరించాలి. SHA అని ఉంటే దారిలోని బ్యాంకులు పట్టుకున్నది సాధారణంగా మన వాటాకే వస్తుంది. అప్పుడు మంచి ఇంగ్లీషు రాసినా ఆ 35 డాలర్లు రావు. బేరం కుదుర్చుకునేటప్పుడే ఖర్చులు ఎవరివో తేల్చుకోవాలి.

దిద్దిన జాబును పంపేముందు వ్యాపారికి తెలుగులో చదివి వినిపించాలి. "నేను అడిగింది ఇదే" అని అతడు అంటేనే ఆ దిద్దుబాటు సరైనది.