కీటకాల పెట్టెలో మార్కులు దేనికివ్వాలి?

కీటకశాస్త్ర ప్రాక్టికల్ పరీక్షకు విద్యార్థులు సమర్పించే పెట్టెలలో నమూనాల సంఖ్యకు, అమరిక అందానికి మనం అధిక ప్రాధాన్యమిస్తున్నాము. ఈ పద్ధతి మారాలని నా అభిప్రాయము. అంబాజీపేట ప్రాంతపు కొబ్బరి తోటలో పట్టిన కొమ్ము పురుగునే తీసుకొందాము.

సేకరించి కాగితపు పొట్లంలో నెలల తరబడి ఉంచిన పురుగు బిరుసెక్కుతుంది. దానికి నేరుగా సూది గుచ్చితే కాళ్లు, స్పర్శశృంగాలు విరిగిపోతాయి. కనుక ముందుగా మెత్తబరచాలి. మూత బిగుతుగా ఉండే వెడల్పాటి సీసాలో తడి ఇసుక పరచి, బూజు పట్టకుండా కొద్ది చుక్కల ఫినాల్ వేసి, పైన వడపోత కాగితం ఉంచి దానిమీద పురుగును పెట్టాలి. చిన్న పురుగులకు ఒక రోజు చాలవచ్చు. కొమ్ము పురుగు వంటి పెద్దవాటికి రెండు మూడు రోజులు పడుతుంది. పట్టకారుతో కాలిని కదిపినప్పుడు అడ్డులేక వంగితే సిద్ధమైనట్లే. అంతకుమించి ఉంచితే కుళ్లు వాసన వస్తుంది. సీలికల రెక్కలపై నీటి బొట్టు పడితే పొలుసుల రంగు చెడుతుంది.

పెంకు పురుగులకు కుడి ముందురెక్క మొదటి భాగంలో, సూది మొన మధ్య, వెనుక కాళ్ల నడుమ వెలువడేటట్లు గుచ్చాలి. నడిమి గీత మీద గుచ్చితే రెక్కలు విచ్చుకొంటాయి. గుర్తింపుకు అవసరమైన త్రిభుజాకార ఫలకం కూడా చెడుతుంది. పట్టుకొనేందుకు పైన సుమారు సెంటీమీటరు సూది మిగలాలి. దర్జీ సూదులు తుప్పుపడతాయి గనుక వాడరాదు.

అసలు విలువ లేబులుదే. గ్రామం, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సేకర్త పేరు ఒక చీటీలో, ఆశ్రయ మొక్క లేదా దీపపు ఎర అన్న వివరం దాని క్రింది చీటీలో, శాస్త్రీయనామం అన్నిటికన్న అడుగున ఉండాలి. జిల్లా పేరొక్కటే చాలదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుండి 26 అయినప్పుడు అంబాజీపేట తూర్పు గోదావరి నుండి కోనసీమ జిల్లాకు మారింది. పాత చీటీపై జిల్లా మాత్రమే ఉంటే ఆ పురుగు ఎక్కడిదో నేడు చెప్పలేము. సమర్పణకు ముందురోజు రాత్రి జ్ఞాపకం మీద వ్రాసిన చీటీలు ఒకే సిరాతో, ఒకే తేదీతో పట్టుబడుతూనే ఉంటాయి. సీనియర్ల పెట్టె నుండి వచ్చిన పురుగులూ అలాగే దొరుకుతాయి. సేకరించిన నాడే పొట్లంపై పెన్సిలుతో వ్రాయించి, ఆ పొట్లాలను కూడా పెట్టెతోపాటు అడగడం మేలు.

పెట్టెలో నాఫ్తలీన్ గోళీలు వేస్తే భద్రమన్న నమ్మకం సగమే నిజము. అవి తెగుళ్లను దూరంగా ఉంచుతాయి గాని, లోపల చేరిన డెర్మెస్టిడ్ పిల్లపురుగులను నమ్మకంగా చంపవు. నమూనా క్రింద గోధుమరంగు పొడి రాలి ఉంటే అవి తింటున్నట్లే. ఆ పెట్టెను పాలిథీన్ సంచిలో గట్టిగా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో వారం రోజులుంచి, బయటి ఉష్ణోగ్రతకు వచ్చిన తరువాతనే సంచి విప్పాలి.

నూరు నమూనాలకు బదులు సరైన చీటీలతో ముప్పై నమూనాలను కోరి, సగం మార్కులు చీటీలకే కేటాయిస్తే, ఆ పెట్టెలను శాఖ మ్యూజియంలో చేర్చుకొనవచ్చును. నేడు వాటిలో అనేకం పరీక్ష ముగియగానే చెత్తబుట్టకు చేరుతున్నాయి.