పద్ధతి మారితే ప్రశ్న మారవద్దా?

ఉర్దూలో ఒక నానుడి ఉన్నది: ‘సవాల్ దీగర్, జవాబ్ దీగర్’. అడిగినది ఒకటి, చెప్పినది మరొకటి అని దాని భావం. పి.జి. ప్రాజెక్టుకో, పిహెచ్.డి. ప్రవేశానికో మన విద్యార్థులు సమర్పించే పరిశోధన ప్రతిపాదనలు సాధారణంగా మొదటి ప్రతిలో ఈ నానుడికి లక్ష్యం కావు. ఒకసారి దిద్దుబాటుకు గురైన తరువాతనే అవుతాయి. ఇది వింతగా తోచవచ్చు గాని, కారణం స్పష్టమే. మొదటి ప్రతిని విద్యార్థి ఒకే ఆలోచనతో, మొదటి నుండి చివరి వరకు ఒకే ఊపులో వ్రాస్తాడు. “పద్ధతి మార్చుకొనుము” అని పెద్దలు సలహా చెప్పిన తరువాత మూడవ అధ్యాయాన్ని మాత్రమే తీసి, దాని స్థానంలో కొత్తది పెడతాడు. సమస్యా ప్రకటన, పరిశోధన ప్రశ్నలు పాత పద్ధతికి పుట్టినవే. అవి అట్లే మిగిలిపోతాయి. తలపాగా మార్చినంత మాత్రాన తల మారదు కదా!

ఈ దోషం ఎట్లు కలుగుతుందో, దానిని ఎట్లు గుర్తించవలెనో, ఎట్లు సవరించవలెనో ఒక ఉదాహరణ తీసుకొని పరిశీలిద్దాం. ఇది కల్పిత ప్రతిపాదనయే అయినా, దాని విషయం మన చుట్టూ ఉన్నదే.

ఒక విద్యార్థి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలోని లంబాడీ పిల్లల తెలుగు చదువును గురించి పరిశోధించదలచినాడనుకుందాం. ఈ పిల్లలు ఇంటిలో మాట్లాడే గోర్ బోలీ ఇండో-ఆర్య కుటుంబానికి చెందినది. బడిలో ఎదురయ్యే తెలుగు ద్రావిడ భాష. అతని మొదటి ప్రతిలో సమస్యా ప్రకటన ఇట్లున్నది: “ఇంటి భాష ఐదవ తరగతి తెలుగు మార్కులపై ఎంత ప్రభావం చూపుతున్నదో తెలిపే లెక్కలు ఈ మూడు జిల్లాలకు లేవు.” ప్రశ్నలు మూడు. ఇంట గోర్ బోలీ మాట్లాడే పిల్లల మార్కులకు, తెలుగు మాట్లాడే పిల్లల మార్కులకు ఎంత తేడా ఉన్నది? ఉపాధ్యాయునికి గోర్ బోలీ వచ్చి ఉండడానికి, పిల్లల హాజరుకు ఏమైనా సంబంధం ఉన్నదా? ఈ తేడా ఏ జిల్లాలో ఎక్కువ? పద్ధతి: జిల్లాకు పది బడులు, బడికి పదిమంది చొప్పున మూడు వందల మంది పిల్లలకు ఒకే పరీక్ష. దానితో పాటు హాజరు పట్టీల పరిశీలన, ఉపాధ్యాయులకు ప్రశ్నావళి. ఇందులో ఇతర లోపాలు ఉండవచ్చును గాని, అడిగినదానికి జవాబు ఇవ్వగల ఏర్పాటు మాత్రం ఉన్నది.

కమిటీవారు దీనిని చూచి, ముప్పై బడులు తిరుగుట ఒక్కనికి ఒక్క సంవత్సరంలో సాధ్యం కాదనీ, జిల్లాకు ఒక బడి చొప్పున తీసుకొని అక్కడ రెండేసి వారాలు ఉండి తరగతులు గమనించుమనీ, ఉపాధ్యాయులతోను తల్లులతోను మాట్లాడుమనీ సలహా ఇచ్చినారు. మంచి సలహాయే. విద్యార్థి విధేయుడై మూడవ అధ్యాయాన్ని మార్చినాడు. మూడు బడులు, ఆరుగురు ఉపాధ్యాయులు, పద్దెనిమిది మంది తల్లులు, ఆరు వారాల తరగతి పరిశీలన. పరీక్ష తీసివేసినాడు. మొదటి అధ్యాయం ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలను మరల చదవండి. మార్కుల తేడా ఎంత అని మొదటి ప్రశ్న. కొత్త పద్ధతిలో మార్కులే లేవు! రెండవ ప్రశ్నకు కావలసిన హాజరు లెక్క మూడు బడులలో దొరుకుతుంది. కాని ఆరుగురు ఉపాధ్యాయులలో ఇద్దరికి గోర్ బోలీ వచ్చి, వారి తరగతులలో హాజరు ఎక్కువైతే అది భాష వలననా, బడి తండాకు దగ్గరగా ఉండుట వలననా అని వేరు చేసి చెప్పే మార్గం లేదు. మూడవ ప్రశ్న మరీ ప్రమాదకరమైనది. జిల్లాకు ఒక్క బడి చూచినవాడు చెప్పగలిగినది ఆ బడిని గురించియే గాని జిల్లాను గురించి కాదు. ఒక బడికి మరొక బడికి ఉండే భేదాన్ని జిల్లాల భేదమని వ్రాసితే అది అబద్ధమే అవుతుంది. తెలిసి ఆడినది కాదు, అంతే.

ఇట్టి పొరపాటును పట్టుకొనుటకు పెద్ద పాండిత్యం అవసరం లేదు. ప్రతి ప్రశ్న క్రింద దాని జవాబును ఊహించి ఒక వాక్యం వ్రాయవలెను. ఆ వాక్యం అంకెతో ముగుస్తున్నదా, లేక ఒక వర్ణనతో ముగుస్తున్నదా? తరువాత, ఆరు వారాలు గడిచినప్పుడు చేతిలో ఉండే నోటు పుస్తకంలో అట్టి వాక్యానికి ఆధారం ఉంటుందా అని తనను తాను అడుగుకొనవలెను. ‘ఎంత’, ‘ప్రభావం’, ‘సంబంధం’, ‘ఎక్కువ తక్కువలు’, ‘పరికల్పన’ అనే మాటలు పాత పద్ధతి వదలిపోయిన అడుగుజాడలు. దిద్దిన ప్రతిలో ఇవి కనిపించినచోటనెల్లా ఆగి చూడవలెను. శీర్షికలో కూడా ఇవి దాగి ఉంటాయని మరువరాదు.

ఇక సవరణ. చాలామంది ప్రశ్నలలోని క్రియాపదాలు మార్చి సరిపెట్టుకుంటారు. ‘ఎంత ప్రభావం చూపుతున్నది’ అనుటకు బదులు ‘ఎట్టి ప్రభావం చూపుతున్నది’ అని వ్రాస్తారు. అది చాలదు. మార్పు సమస్యా ప్రకటన నుండి మొదలు కావలెను. ఎందుకంటే ఆ ప్రకటనలో ‘మనకు తెలియనిది ఏమిటి’ అనే వాక్యం ఉంటుంది. పాత ప్రతిలో తెలియనివి లెక్కలు. కొత్త పద్ధతి లెక్కలు తేదు. కనుక దాని వలన తీరే అజ్ఞానం ఏదో వెతుక్కొనవలెను. ఉదాహరణకు: “మార్కులు పిల్లవాడు ఎక్కడ వెనుకబడినాడో చెప్పగలవు గాని, ఒక భాష నుండి మరొక భాషకు దాటే ఘడియలో తరగతి గదిలో ఏమి జరుగుతున్నదో చెప్పవు.” ఈ వాక్యం కుదిరితే ప్రశ్నలు దాని వెంట నడుస్తాయి.

తెలుగు మాట పిల్లలకు బోధపడనప్పుడు ఉపాధ్యాయుడు ఏమి చేస్తున్నాడు? దీనికి తరగతి పరిశీలన జవాబు ఇస్తుంది. ఇంటి భాష బడిలో వినబడడాన్ని తల్లులు ఎట్లు భావిస్తున్నారు? దీనికి తల్లులతో సంభాషణ జవాబు. ఉపాధ్యాయులు చెప్పే మాటకు, తరగతిలో చేసే పనికి ఎక్కడ పొంతన ఉన్నది, ఎక్కడ లేదు? దీనికి రెండూ కావలెను. ఇప్పుడు ప్రతి ప్రశ్నకు ఒక ఆధారం ఉన్నది, ప్రతి ఆధారానికి ఒక ప్రశ్న ఉన్నది. అంతేకాదు, ప్రశ్న మారగానే పద్ధతిలోని ఒక లోటు కూడా బయటపడుతుంది. తల్లుల భావం అడుగుతున్నప్పుడు తెలుగులో అడిగితే ఎట్లు? గోర్ బోలీలో మాట్లాడించి, ఆ మాటలను అట్లే వ్రాసుకొని, తరువాత తెలుగు చేయవలెను. ఎవరు చేస్తారో ప్రతిపాదనలో చెప్పవలెను. పాత ప్రశ్నలు ఉన్నంతవరకు ఈ అవసరం ఎవరికీ తోచదు.

మూడు జిల్లాల పేర్లను ఏమి చేయవలెను? ఉంచవచ్చు, కాని కారణం మారవలెను. పోల్చి ఎక్కువ తక్కువలు తేల్చడానికి కాక, భిన్న పరిస్థితులను చూడడానికి అని చెప్పవలెను. ఒకచోట తరగతి అంతా లంబాడీ పిల్లలే ఉన్న బడి, ఒకచోట వారు కొద్దిమందియే ఉన్న బడి, మరొకచోట లంబాడీ, కోయ పిల్లలు కలిసి చదివే బడి. అప్పుడు ఎంపికకు ఆధారం జిల్లా సరిహద్దు కాదు, తరగతి కూర్పు.

సరిహద్దుల మాట వచ్చింది గనుక లెక్కల పద్ధతిని ఎంచుకొనేవారికి ఒక హెచ్చరిక. ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరులో ఏర్పడినవి. 2011 జనాభా లెక్కలలో ఈ పేర్లతో జిల్లాలు లేవు. మహబూబాబాద్ జిల్లాలో చేరిన గార్ల, బయ్యారం అప్పుడు ఖమ్మం జిల్లాలోనివి. భూపాలపల్లిలో చేరిన మహాదేవపూర్ కరీంనగర్ జిల్లాలోనిది. 2019లో ములుగు భూపాలపల్లి నుండి విడిపోయింది. ‘2011 నుండి ఈ జిల్లాలో వచ్చిన మార్పు’ అని ప్రశ్న వ్రాసి, పద్ధతిలో ‘జిల్లా లెక్కలు సేకరింతును’ అంటే చెల్లదు. మండలాల వారీగా లెక్కలు కూర్చుకొంటానని పద్ధతిలో ఉండవలెను. లేనిచో ప్రశ్నలోని జిల్లా ఒకటి, లెక్కలోని జిల్లా మరొకటి అవుతుంది.

ప్రశ్న, పద్ధతి ఒకదానికొకటి అమరిన పనికి మన ప్రాంతంలోనే నిదర్శనం ఉన్నది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జీవితకథలను స్త్రీ శక్తి సంఘటన వారు సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను పేరుతో ప్రకటించినారు. ఎందరు స్త్రీలు పాల్గొన్నారు అన్నది వారి ప్రశ్న అయి ఉంటే ఆ సంభాషణలు అక్కరకు వచ్చేవి కావు. ఆ స్త్రీలు ఏమి అనుభవించినారు, దానిని ఎట్లు జ్ఞాపకం ఉంచుకొన్నారు అన్నది ప్రశ్న గనుకనే వారి నోటి మాట ప్రమాణమైనది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రశ్నను బట్టి పద్ధతి ఉండవలెను గాని, పద్ధతిని బట్టి ప్రశ్నను వంచుట న్యాయమా అని. సమాచార సేకరణ మొదలు కాక ముందు న్యాయమే, ప్రతిపాదన ఉన్నది అందుకే. సేకరించిన తరువాత, దొరికిన జవాబుకు తగినట్లు ప్రశ్నను మార్చి, మొదటి నుండీ అదే అడిగినట్లు వ్రాయుట వేరు. అది మోసం. అయితే ముందుగా మార్చుట కూడా ప్రతిసారీ తప్పనిసరి కాదు. మార్కుల తేడా ఎంత అన్నదే నిజంగా తెలియవలసినదని విద్యార్థికి నమ్మకముంటే, జిల్లాల పోలిక వదలి, ఒకే మండలంలోని బడులకు పరిమితమై, పాత పద్ధతినే నిలుపుకొంటానని కమిటీకి వినయంగా చెప్పే హక్కు అతనికి ఉన్నది.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. “పద్ధతి మార్చుము” అని ఒక్క మాట వ్రాసి కాగితం తిప్పి పంపవద్దు. ఏ ప్రశ్నకు ఆ పద్ధతి చాలదో, ఏ కారణంచేత చాలదో రెండు వాక్యాలు వ్రాయండి. దిద్దిన ప్రతితో పాటు ఒక పుట పట్టిక అడగండి: ప్రశ్న, దానికి ఆధారం, ఆ ఆధారాన్ని సేకరించే సాధనం, విశ్లేషించే తీరు, చివరకు చెప్పగలిగే మాట. ఏ గడి ఖాళీగా ఉన్నదో అక్కడ పని మిగిలి ఉన్నది. ఈ పట్టిక అల్పమైన ప్రశ్నను గొప్పదిగా చేయదు. కాని మూడు బడులు చూచి మూడు జిల్లాలకు తీర్పు చెప్పకుండా ఆపుతుంది. పద్దెనిమిది మంది తల్లులు కూలి మానుకొని చెప్పిన మాటలు, వాటికి చోటు లేని ప్రశ్నల క్రింద వృథా కాకుండా కాపాడుతుంది.