రోజుకు మూడు ప్రొఫైళ్లు చాలు

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని వాళ్లు మన ఇళ్లలో ఎక్కువ కదా, వాళ్లకు దయచేసి చదివి వినిపించండి.

సంబంధాల మాట ఎత్తితే చాలు, పిల్లలు "విసుగొచ్చేసింది, వదిలేయండి" అంటున్నారు. వీళ్లకు పెళ్లి మీదే ఆశ లేదని పెద్దలు బాధపడుతున్నారు. నేనలా అనుకోవడం లేదు. వాళ్ల విసుగు పెళ్లి మీద కాదు, రోజూ ఫోన్‌లో ముఖాలను వేలితో పక్కకు తోసే పని మీద.

మన కోవిల్‌పట్టి వాళ్లకు నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. 2012లో టిండర్ యాప్‌కు మొదట పెట్టిన పేరు మ్యాచ్‌బాక్స్. అంటే మన ఊరి అగ్గిపెట్టే! ఆ స్వైప్‌ను తయారుచేసిన జోనథన్ బడీన్ 2018లో ఒక డాక్యుమెంటరీలో దాని వెనక ఆలోచన గురించి చెప్పాడు. బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త పావురాల మీద చేసిన ప్రయోగాలు అందులో కొంత ఉన్నాయట. పావురం ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, ఆకలి తీరాక అది ఊరుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియకపోతే ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. మన మ్యాట్రిమొనీ యాప్‌లలో స్వైప్ బదులు "ఇంట్రెస్ట్ పంపు" అనే బటన్ ఉంటుంది గానీ, వేలికి పట్టే అలవాటు మాత్రం అదే.

నెదర్లాండ్స్‌లో టీలా ప్రాంక్, యాప్ డెనిసెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. తోడు వెతుక్కునే వాళ్లకు వరసగా ఫోటోలు చూపించి, సరేనా కాదా అని అడిగారు. మొదటి ఫోటో నుంచి చివరి ఫోటోకు వచ్చేసరికి "సరే" అనే అవకాశం సగటున 27 శాతం తగ్గింది. చూసేకొద్దీ మనిషి మనసు "కాదు" అనడానికి అలవాటు పడిపోతుందని వాళ్లు తేల్చారు. అంటే నలభయ్యో ప్రొఫైల్‌లో ఉన్న అమ్మాయిలో లోపమేమీ లేకపోవచ్చు. పాపం, వరసలో వెనక నిలబడింది, అంతే.

నాకు తెలిసిన ఒక తమ్ముడి సంగతి చెబుతాను. విరుదునగర్ పక్క ఊరు, చెన్నైలో ఐటీ ఉద్యోగం. ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు కూర్చుని పదకొండు దాకా డెబ్బై ప్రొఫైళ్లు చూశాడు. పద్దెనిమిది మందికి ఇంట్రెస్ట్ పంపాడు, ఐదుగురు ఒప్పుకున్నారు. అదృష్టమే అనుకున్నాడు. ఆ ఐదుగురితోనూ మూడు రోజులు అవే మాటలు: ఎక్కడ పని, సొంత ఊరేది, తోబుట్టువులెంతమంది. ఒకరికి రాసిందే కాపీ చేసి ఇంకొకరికి పంపాడు. నాలుగో రోజు ఒక అమ్మాయి, "తాతయ్య ఆపరేషన్ బాగా అయిందండీ" అని రాసింది. ఇతను "ఏ ఆపరేషన్?" అని అడిగాడు. ముందు రోజే ఆమె దాని గురించి పది లైన్లు రాసి ఉంది. ఆ తర్వాత ఆమె నుంచి జవాబు లేదు. మిగతా నలుగురికి రాయడానికి ఇతనికీ చెయ్యి రాలేదు. నెల రోజులు యాప్ తెరవలేదు.

అలసట వచ్చిందని తెలిసేది ఇలాగే. ఎవరితో ఏం మాట్లాడామో గుర్తుండదు. మెసేజ్ వచ్చిన శబ్దం వింటే సంతోషం బదులు చిరాకు పుడుతుంది. ఫోటో చూసి, కింద రాసింది చదవకుండానే తోసేస్తాం. ఇందులో ఏ రెండు కనిపించినా ఒక వారం పూర్తిగా ఆపడం మంచిది. కానీ మాట్లాడుతున్న వాళ్లకు ఆ సంగతి ఒక్క లైనులో చెప్పి ఆపాలి.

తర్వాత ఆ తమ్ముడు పెట్టుకున్న లెక్క నాకు నచ్చింది. రోజుకు మూడు ప్రొఫైళ్లు, పూర్తిగా చదివి. సాయంత్రం ఇరవై నిమిషాలు, పడుకునే ముందు మాత్రం వద్దు. ఆ ప్రొఫైల్‌లో తనకు నచ్చినదేమిటో ఒక్క వాక్యం రాయగలిగితేనే ఇంట్రెస్ట్. ఒకేసారి ఇద్దరికి మించి మాటలు లేవు. మూడో మనిషితో మొదలుపెట్టాలంటే ఇద్దరిలో ఒకరికి మర్యాదగా "మనకు కుదరదనిపిస్తోంది, మీకు మంచి సంబంధం రావాలి" అని చెప్పి ముగించాలి. జవాబివ్వకుండా మాయమవడం లేదు. కొన్ని డేటింగ్ యాప్‌లు కూడా ఈ దారికే వచ్చాయి. హింజ్‌లో డబ్బు కట్టని వాళ్లకు రోజుకు ఎనిమిది లైకులే. 2024లో ఇంకో నియమం తెచ్చారు: జవాబివ్వాల్సిన మాటలు ఎనిమిది పేరుకుంటే, వాటి సంగతి తేల్చేదాకా కొత్తవాళ్లు దొరకరు.

మన మ్యాట్రిమొనీ ప్యాక్‌లు దీనికి తలకిందులు. మూడు నెలల గడువు, ఇన్ని ఫోన్ నంబర్లు అని లెక్క. గడువు దగ్గరపడితే "కట్టిన డబ్బు పోతుందే" అని ఇంట్లోవాళ్లు ఒకే రోజు పదిహేను మందికి ఫోన్లు చేస్తారు. నంబర్లు మిగిలిపోతే పోనివ్వండి. చూడకుండా వదిలేసిన నంబరు వల్ల ఎవరికీ నష్టం లేదు.

మాటల సంగతికొస్తే, ప్రొఫైల్‌లో రాసి ఉన్నదాన్నే మళ్లీ అడగకండి. పొంగలికి ఊరొస్తే మొదట ఎవరింటికి వెళ్తారు? ఇంట్లో తెలుగా, తమిళమా? పెళ్లయ్యాక ఏ ఊళ్లో ఉండాలని ఉంది, అమ్మానాన్నలను ఎవరు చూసుకోవాలి? ఇలాంటి ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు నెల రోజుల "తిన్నారా" కంటే ఎక్కువ చెబుతుంది. పది రోజుల లోపు ఒకసారి ఫోన్‌లో గొంతు వినండి. టైపు చేస్తూ నెల గడిపితే మన మనసులో ఒక మనిషి తయారవుతాడు, ఎదురుపడే మనిషి వేరు.

ఆడపిల్లల పరిస్థితి వేరు. వాళ్లకు పంపే అలసట కాదు, వచ్చిపడే అలసట. ఒక్క రాత్రిలో ముప్పై ఇంట్రెస్టులు వస్తే అందరికీ జవాబివ్వాల్సిన బాధ్యత ఆ అమ్మాయికి లేదు. రోజుకు మూడు తెరిచి చూస్తే చాలు. మాట్లాడటం మొదలుపెట్టాక మాత్రం ఔనో కాదో చెప్పాలి.

"మన తెలుగువాళ్లే ఈ పక్క తక్కువ, అందులో మన వాళ్లు, వరస కలిసేవాళ్లు, పొరుత్తం కుదిరేవాళ్లు ఎంతమంది? ఉన్నవాళ్లందరినీ చూడొద్దా?" అని ఒక పెద్దాయన నన్నడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ తక్కువమందే ఉన్నప్పుడే ఒక్కొక్కరినీ నెమ్మదిగా చూడాలి. ఒకే రాత్రి నలభైమందిని తోసేస్తే, రేపు చూడటానికి ఎవరు మిగులుతారు? రోజుకు మూడు చూసినా రెండు వారాల్లో అయిపోయాయంటే, జీతం, ఎత్తు, ఊరు అని మనం పెట్టిన షరతులు బిగుతుగా ఉన్నాయని అర్థం. ముందు వాటిని సడలించండి.

ఆ తమ్ముడికి ఇంకా పెళ్లి కాలేదు. కొత్త లెక్కతో మొదలుపెట్టాక ఒక అమ్మాయితో మూడు వారాలు మాట్లాడాడు, ఇంటివాళ్ల దాకా వెళ్లింది, ఉద్యోగం ఊరి దగ్గర కుదరలేదు. చెప్పుకుని ముగించారు. ఆ అమ్మాయి మేనమామే తర్వాత ఇంకో సంబంధం పంపాడు.

ఇక మన సంఘం వాట్సాప్ గ్రూపు. ఎవరు ఎప్పుడు పడితే అప్పుడు బయోడేటాలు వేస్తున్నారు, పెళ్లి కుదిరినవాళ్లవి కూడా తిరుగుతూనే ఉన్నాయి. ఆదివారం ఒక్కరోజే, ఐదుకు మించకుండా వేద్దామని, కుదిరినవి ఆ రోజే తీసేద్దామని వచ్చే కూటంలో అడగబోతున్నాను. తల్లిదండ్రులు వాటిలో ఏరి ఇద్దరినే పిల్లలకు చూపించండి, ఐదుగురినీ కాదు. ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, కూటంలో మాట్లాడుకుందాం.