అడ్వాన్సుకు రెట్టింపు ఇస్తే మాట తప్పొచ్చా?

(భూమీ, కాగితమూ, మనమూ – 5)

"రెట్టింపు ఇచ్చేస్తాం, తీసుకుని వెళ్ళండి."

మనవాళ్ళు ఇంటి స్థలం కొనబోయిన చోట ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అగ్రిమెంటు రాస్తారు, అడ్వాన్సు తీసుకుంటారు. రిజిస్ట్రేషన్ రోజు దగ్గరపడ్డాక అమ్మేవాడు వెనక్కి తగ్గుతాడు. పెద్దమనుషులు కూర్చుంటారు. అగ్రిమెంటులో "రెట్టింపు" అని రాసి ఉంది కాబట్టి అదే న్యాయం అని తేలుస్తారు. మనవాళ్ళు కూడా "డబ్బు పోలేదు, పైగా కొంత కలిసొచ్చింది" అని ఇంటికొస్తారు. ఆ కాగితం మనకు ఇచ్చింది రెట్టింపు డబ్బు కాదు, స్థలం అడిగే హక్కు. అది వదులుకుని రావడం తప్పని నా అభిప్రాయం.

నేను లాయరును కాదు, తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. కానీ వాక్యాన్ని శ్రద్ధగా చదవడం నా వృత్తి. ఈ గొడవంతా చివరికి ఒక వాక్యం దగ్గరే ఆగుతుంది.

నా దగ్గర చదివిన ఒక విద్యార్థి కుటుంబం విషయం చెప్తాను. ఊరు చెప్పను, అంకెలు గుండ్రంగా చేస్తాను. మండల కేంద్రంలో, బడికి దగ్గరగా ఉన్న వీధిలో 150 గజాల స్థలం. గజం 12,000 చొప్పున 18 లక్షలకు బేరం కుదిరింది. 3 లక్షలు అడ్వాన్సు, నాలుగు నెలల గడువు. గడువు నాటికి ఆ వీధిలో గజం 15,000 అయింది. కొనేది ఎవరో తెలిసి వీధిలో వాళ్ళు కూడా అమ్మేవాడి మీద ఒత్తిడి పెట్టారు. అతను రిజిస్ట్రేషన్‌కు రాలేదు. "6 లక్షలు తీసుకోండి" అన్నాడు.

లెక్క చూడండి. ఆ 6 లక్షల్లో 3 లక్షలు వీళ్ళవే. అతను జేబులోంచి తీసేది 3 లక్షలే. స్థలం విలువ మాత్రం 18 నుంచి 22.5 లక్షలకు చేరింది, అంటే 4.5 లక్షలు పెరిగింది. మాట తప్పి, రెట్టింపు కట్టి, ఇంకొకరికి అమ్మినా అతనికి 1.5 లక్షలు మిగులుతుంది. అతను ఆ డబ్బుతో మాట తప్పే హక్కునే కొనుక్కుంటున్నాడు. ధర పెరిగేకొద్దీ ఆ హక్కు అతనికి ఇంకా చవకవుతుంది.

పోనీ డబ్బే కావాలని కోర్టుకు వెళ్తే? భారత కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద ఒప్పందం ధరకూ, మాట తప్పిన రోజు మార్కెట్ ధరకూ మధ్య తేడా అడగొచ్చు. మన ఉదాహరణలో అది 4.5 లక్షలు. కానీ ఒప్పందంలోనే ఒక మొత్తం రాసుకుంటే 74వ సెక్షన్ అడ్డొస్తుంది. ఆ మొత్తం దాటకుండా, న్యాయమనిపించినంతే కోర్టు ఇప్పిస్తుంది. రాసుకున్న రెట్టింపు ఒక పైకప్పు లాంటిది, అంతకంటే ఎక్కువ రాదు, అంతా వస్తుందన్న భరోసా కూడా లేదు. ఇంకో చిక్కుంది. మార్కెట్ ధరను రుజువు చేయడానికి పక్క స్థలాల దస్తావేజులు చూపించాలి. వాటిలో చాలావరకు ప్రభుత్వ విలువే రాసి ఉంటుంది, చేతులు మారిన అసలు ధర ఉండదు. మనం చూపించిన కాగితమే మన నష్టాన్ని తగ్గించి చూపిస్తుంది.

రెండో దారి, ఒప్పుకున్న పనినే చేయించమని అడగడం. కోర్టు భాషలో స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్. "నష్టం కట్టించండి" అని కాకుండా "రిజిస్ట్రేషన్ చేయించండి" అని అడుగుతాం. గెలిచాక కూడా అమ్మేవాడు సంతకానికి రాకపోతే అతని తరఫున కోర్టే దస్తావేజు రాయించి ఇస్తుంది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం స్థలాల విషయంలో మొదటినుంచీ ఒక మాట అనుకుంది: భూమి అమ్ముతానని తప్పిన నష్టాన్ని డబ్బు పూడ్చలేదని, ఎదుటివాడు కాదని చూపించేదాకా అలాగే భావించాలని. అయినా అప్పట్లో ఇవ్వాలా వద్దా అనేది జడ్జి విచక్షణ. 2018లో చట్టాన్ని సవరించి, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఆ విచక్షణ తీసేశారు. షరతులు నెరవేరితే ఒప్పందాన్ని అమలు చేయించడమే ఇప్పుడు నియమం.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరకొద్దాం. "రెట్టింపు అని రాసుకున్నారు కదా, ఇక స్థలం ఎలా అడుగుతారు?" అంటారు. దీనికి అదే చట్టం 23వ సెక్షన్‌లో జవాబుంది. మాట నిలబెట్టుకోవడానికి భయంగా ఉండాలని రాసిన మొత్తమైతే, అది రాసి ఉన్నా స్థలం ఇప్పించొచ్చు. పని చేయడమో డబ్బు కట్టడమో ఏదో ఒకటి ఎంచుకునే వీలు ఇవ్వడానికి రాసిన మొత్తమైతే కుదరదు.

రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదవండి. "విక్రయదారు రిజిస్ట్రేషన్ చేయని యెడల అడ్వాన్సుకు రెట్టింపు చెల్లించవలెను." ఇది హెచ్చరిక. "విక్రయదారు రిజిస్ట్రేషన్ చేయవచ్చును, లేదా రెట్టింపు చెల్లించి ఒప్పందం నుండి విడివడవచ్చును." ఇది తలుపు తెరిచి పెట్టడం. ఆ "లేదా" దగ్గరే ఇల్లు చేజారుతుంది. 2010లో మాన్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ తేడానే వివరించింది. ఒప్పందంలో స్థలం ఇప్పించే మాట ప్రత్యేకంగా లేకపోయినా అడగొచ్చు. తప్పితే డబ్బే, స్థలం అడగకూడదు అని రాసుకుంటే మాత్రం అడగలేం. అగ్రిమెంటు రాసేవాడు పాత నమూనా కాపీ కొడతాడు. సంతకానికి ముందు ఆ పేరా మీరే చదవండి. వీలైతే "రిజిస్ట్రేషన్ చేయించుకొను హక్కునకు ఇది భంగము కాదు" అని ఒక ముక్క చేర్పించండి.

ఈ దావాలో మనకు కలిసొచ్చే ఇంకో సంగతి ఉంది. అమ్మేవాడు ఎందుకు వెనక్కి తగ్గాడో కోర్టు మనల్ని రుజువు చేయమనదు. ధర కోసమా, కులం కోసమా, భార్య వద్దందా అనేది మన కేసులో భాగం కాదు. అవమానాన్ని సాక్ష్యాలతో నిరూపించే భారం లేకుండా, కాగితం మీద సంతకంతోనే స్థలం అడగొచ్చు. "డబ్బు తీసుకుని ఇంకో చోట కొనుక్కోండి" అనే సలహా మార్కెట్ అందరికీ తెరిచి ఉందనుకునేవాళ్ళది. మనకు ఆ వీధిలో ఇంకో స్థలం అమ్మేవాడు దొరకడు. అందుకే భూమికి డబ్బు బదులు కాదన్న సూత్రం అందరికంటే మనకే ఎక్కువ నిజం.

మరి మనవాళ్ళు ఎక్కడ ఓడిపోతున్నారు? చాలావరకు ఒక్క చోటే, 16(సి) సెక్షన్ దగ్గర. కొనేవాడు తన వంతు నెరవేర్చడానికి మొదటినుంచీ సిద్ధంగా, ఇష్టంగా ఉన్నానని రుజువు చేయాలి. ఇష్టం మాత్రమే సరిపోదు, మిగతా డబ్బు కట్టే స్తోమత చూపించాలి. కోర్టు ఆదేశిస్తే తప్ప డబ్బు డిపాజిట్ చేయక్కర్లేదు. కానీ ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చేదో కాగితం ఉండాలి. మన ఉదాహరణలో 15 లక్షలు. బ్యాంకు రుణం మంజూరు పత్రం, పాస్‌బుక్, పీఎఫ్ స్టేట్‌మెంట్, ఏదో ఒకటి. "చుట్టాలు సర్దుతామన్నారు" అంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడదు.

ఆ కుటుంబం ఈ పని బాగా చేసింది. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇచ్చారు. గడువు ముగిసే పది రోజుల ముందు లాయరు నోటీసు పంపారు: డబ్బు సిద్ధంగా ఉంది, ఫలానా రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రండి అని. ఆ రోజు రుణపత్రంతో వెళ్ళి సాయంత్రం దాకా కూర్చున్నారు. మర్నాడే "మీరు రాలేదు" అని ఇంకో నోటీసు. నెల తిరక్కుండా దావా.

ఆ తొందర అవసరమే. ఒప్పందంలో రాసిన తేదీ నుంచి దావాకు మూడేళ్ళ గడువుంది నిజమే. తేదీ రాయకపోతే అమ్మేవాడు నిరాకరించాడని మనకు తెలిసిన రోజు నుంచి లెక్క. కానీ మూడేళ్ళున్నాయని కూర్చుంటే ప్రమాదం. 1997లో విద్యానాదం కేసులో సుప్రీంకోర్టు ముందున్నది మదురైలో ఒక ఇల్లు. 60,000 ధరలో 5,000 అడ్వాన్సు, ఆరు నెలల గడువు. కొనేవాడు రెండున్నరేళ్ళు ఊరుకుని, ధర మూడింతలయ్యాక వచ్చాడు. కోర్టు ఇల్లు ఇప్పించలేదు. ఆలోగా ఇంకో ముప్పు కూడా ఉంది. మన ఒప్పందం సంగతి తెలియకుండా నిజాయితీగా పూర్తి ధర కట్టి ఇంకొకరు కొనేస్తే, వాళ్ళ నుంచి స్థలం రాదు. దావా వేశాక కొన్నవాళ్ళు మాత్రం ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి ఇక్కడి వాళ్ళ చేత కొనిపించే మిత్రులకు ఒక మాట. పైన చెప్పిన మాన్ కౌర్ కేసులో కొనేవాడు విదేశంలో ఉన్నాడు, సాక్ష్యం అతని పవర్ ఆఫ్ అటార్నీ చెప్పాడు. నీ మనసులోని సిద్ధత గురించి ఇంకొకరు సాక్ష్యం చెప్పలేరని కోర్టు అన్నది. కేసు పోయింది.

దావాలో ఏమి అడగాలో కూడా ముఖ్యమే. రిజిస్ట్రేషన్ అడగండి, స్వాధీనం అడగండి, అది కుదరకపోతే అడ్వాన్సు వడ్డీతో వాపసు, నష్టపరిహారం అడగండి. అడగనిది కోర్టు ఇవ్వదు. కోర్టు ఫీజు మొత్తం 18 లక్షల మీద కట్టాలని చూసి చాలామంది వెనకాడతారు. లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, కోర్టు ఫీజు కూడా అందులోకే వస్తుంది. కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయసేవా కమిటీలో అడగండి.

డబ్బు దారే సరైన సందర్భాలూ ఉన్నాయి. స్థలం అప్పటికే అమాయకుడైన మూడో మనిషి చేతికి పోతే, అమ్మకం నిషేధించిన అసైన్డ్ భూమి అయితే, ఏళ్ళ తరబడి సాగే కేసులో మిగతా డబ్బు పట్టుకుని నిలబడే శక్తి ఇంట్లో లేకపోతే. అప్పుడు డబ్బు తీసుకోవడంలో సిగ్గేమీ లేదు. కానీ అది లెక్క చూసుకుని మనం ఎంచుకున్నది కావాలి, పంచాయితీలో మన చేత ఒప్పించింది కాకూడదు.

ఇదే ఆయుధం మన మీదికి తిరిగే చోటొకటి ఉంది, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. పెళ్ళికో ఆసుపత్రికో అప్పు తీసుకున్నప్పుడు ప్రోనోటు బదులు మన ఇంటి మీద అమ్మకం అగ్రిమెంటు రాయించుకుంటారు. బాకీ ఆలస్యమైతే అదే కాగితంతో రిజిస్ట్రేషన్ చేయమని దావా వేస్తారు. ఇలాంటి చోట ఆదుకునేందుకు జడ్జికి ఉండిన విచక్షణ 2018తో పోయింది. అది అప్పు కాగితమే, అమ్మకం కాదని మనమే రుజువు చేసుకోవాలి. అందుకని అప్పుకు ప్రోనోటు రాయండి, అమ్మకం అగ్రిమెంటు మీద సంతకం పెట్టొద్దు. పెట్టి ఉంటే, కట్టిన వడ్డీ ప్రతి పైసాకీ బ్యాంకు జాడ ఉంచుకోండి.

ఆ కుటుంబం కేసు ఇంకా నడుస్తోంది. దావా వేశాక అమ్మేవాడు 6 లక్షలను 8 చేశాడు, తర్వాత 9 అన్నాడు. ఆ పెరిగే అంకెలే చెప్తున్నాయి, మొదటి రోజు చెప్పిన రెట్టింపు ఎంత చవకబేరమో. వాళ్ళు స్థలమే అడుగుతున్నారు.