జయశంకర్ సారు: పాఠం ఎక్కడ ఆగింది?

సంపాదకులకు,

జూన్ 21న ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్ వర్ధంతి సందర్భంగా మీరు వేసిన పూర్వ విద్యార్థి నివాళి హుందాగా ఉంది. కానీ సారు బోధన వదిలి ఉద్యమంలోకి వెళ్లారన్న మాట సరికాదు. ఆయన అర్థశాస్త్ర అధ్యాపకులు. తెలంగాణ వాదనను ఆవేశం మీద కాక, 1969లో కుమార్ లలిత్, భార్గవ కమిటీలు పరిశీలించిన మిగులు నిధుల మీద నిలిపారు. ప్రభుత్వ లెక్కలనే ప్రభుత్వం ముందు పెట్టడం బడ్జెట్ పాఠం చెప్పే పద్ధతే కదా!

వరంగల్ సీకేఎం కాలేజీ ప్రిన్సిపాల్‌గా, తర్వాత కాకతీయ వీసీగా ఆయనకు పాలనే ఎక్కువ, పాఠం తక్కువ అనవచ్చు. నిజమే, పదవులు తరగతి గంటలను తగ్గిస్తాయి. అయితే అంకెలు చదవడం తెలియని శ్రోతకు మిగులు నిధులంటే ఏమిటో సభల్లో ఓపికగా విప్పిచెప్పడాన్ని ఏమనాలి? గది మారింది, అంతే.

— ఒక పాఠకుడు, హనుమకొండ