గల్ఫ్ నుంచి తెచ్చిన గొలుసుకు సుంకం ఎంత? తగాదా ఎక్కడ వస్తోంది?

కొండాపూర్: సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల నుంచి పొట్టకూటికి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు తిరిగి వచ్చేటప్పుడు ఇంటి ఆడవారికి గొలుసో, గాజులో తేవడం మామూలే. శంషాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ బల్ల దగ్గర సుంకం కట్టమన్నప్పుడే తగాదా మొదలవుతుంది. "ఇరవై గ్రాములు ఉచితమన్నారు కదా, డబ్బు ఎందుకు కట్టాలి?" అన్నదే ఎక్కువ మంది ప్రశ్న.

ఈ ప్రశ్నకు మూలం 2016 నాటి బ్యాగేజీ నిబంధనలలో ఉంది. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చిన మగవారు 20 గ్రాములు, ఆడవారు 40 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని వాటిలో ఉంది. కాని దాని పక్కనే మరొక షరతు పెట్టారు. మగవారి నగ విలువ 50 వేలు, ఆడవారి నగ విలువ లక్ష రూపాయలు మించకూడదన్నారు. ఆనాడు గ్రాము సుమారు 3 వేలు ఉండేది గనుక తేడా పెద్దగా తెలియలేదు. ధర గ్రాము 10 వేలకు చేరేసరికి 50 వేలకు వచ్చేది 5 గ్రాములే. కాగితం మీద ఇరవై గ్రాములున్నా చేతికి దక్కింది ఐదే. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనలు ఈ విలువ షరతును తీసివేసి, బరువును మాత్రమే ఉంచాయి. ఈ మినహాయింపు నగలకే గాని బిస్కెట్లకు, నాణేలకు వర్తించదు.

లెక్క చూద్దాం. నాలుగేళ్లు పనిచేసి వచ్చిన ఒక కార్మికుడు 30 గ్రాముల గొలుసు తెచ్చాడనుకుందాం. గ్రాము 10 వేల చొప్పున విలువ 3 లక్షలు. పాత నిబంధన ప్రకారం 50 వేలు పోను రెండున్నర లక్షలపై సుంకం పడేది. కొత్త నిబంధన ప్రకారం 20 గ్రాములు పోను మిగిలిన 10 గ్రాములపై, అంటే లక్ష రూపాయలపై మాత్రమే పడుతుంది.

ఆ లక్షపై ఎంత శాతం అన్నది రెండవ తగాదా. ఆరు నెలలకు తగ్గకుండా విదేశంలో ఉండి వచ్చిన భారతీయులకు కిలో వరకు బంగారంపై రాయితీ సుంకం ఉంది. 2024 జూలై బడ్జెట్‌లో దీనిని 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. ఆ లెక్కన లక్షకు 6 వేలు. రాయితీకి అర్హత లేనివారికి సామాన్య బ్యాగేజీ రేటు 38.5 శాతం పడితే 38,500 అవుతుంది. ఆ ఆరు నెలల్లో సెలవుపై ఇంటికి వచ్చిన రోజులన్నీ కలిపి 30 దాటితే రాయితీ పోతుంది. పెళ్లికని వచ్చి నలభై రోజులు ఉండి వెళ్లినవారు, మూడు నెలలకే మళ్లీ వచ్చి ఇక్కడే చిక్కుతారు. రాళ్లు, ముత్యాలు పొదిగిన నగలకూ ఈ రాయితీ లేదు. పైగా రాయితీ సుంకాన్ని రియాల్, దిర్హమ్ వంటి విదేశీ డబ్బుగానే కట్టాలి. అందువల్ల అంతా రూపాయల్లోకి మార్చుకోకుండా కొంత ఉంచుకోవాలి. రేట్లు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు విచారించుకోవాలి.

దుకాణం బిల్లు చూపినా అధికారి వేరే విలువ వేశారన్నది మూడవ ఫిర్యాదు. రాయితీ బంగారానికి కేంద్ర కస్టమ్స్ బోర్డు ఎప్పటికప్పుడు ప్రకటించే ధరనే లెక్కకు తీసుకుంటారు. బిల్లులోని తరుగు, మజూరీ దీనిలో కలవవు. బిల్లు మాత్రం దగ్గర ఉండాలి. బరువుకు, స్వచ్ఛతకు అదే సాక్ష్యం.

మినహాయింపుకు మించి ఉన్నవారు రెడ్ చానల్‌కు వెళ్లి స్వయంగా చెప్పాలి. గ్రీన్ చానల్‌లో నడిచారంటే సుంకం కట్టవలసింది ఏమీ లేదని చెప్పినట్లే లెక్క. అక్కడ పట్టుబడితే సుంకంతో పోదు, నగ జప్తు, జరిమానా వరకు వెళుతుంది.

నగను ఆపి ఉంచితే రసీదు తప్పక అడిగి తీసుకోవాలి. "నోటీసు అక్కరలేదు, విచారణ అక్కరలేదు" అని ముందే అచ్చు వేసిన కాగితంపై సంతకం పెట్టించుకుంటే చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2025లో పలు కేసుల్లో తేల్చింది. చదవకుండా సంతకం పెట్టరాదు. స్వాధీనం చేసుకున్న ఆరు నెలల్లో నోటీసు ఇవ్వాలి. కారణం రాసి మరో ఆరు నెలలు పొడిగించవచ్చు. ఆ గడువు దాటినా నోటీసు రాకపోతే వస్తువు తిరిగి ఇవ్వాలని చట్టం. ఉత్తర్వు నచ్చకపోతే అది అందిన 60 రోజుల్లో అప్పీళ్ల కమిషనర్‌కు అర్జీ పెట్టుకోవచ్చు.

అక్కడి బల్ల దగ్గర గొంతు పెంచినందువల్ల పైసా తగ్గదు. తూకం, బస చేసిన రోజులు, వేసిన శాతం ఈ మూడూ రసీదుపై సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటే, తప్పు ఎవరిదో అప్పుడే తేలిపోతుంది.